ఆ సందేశాలకు ఒక వేళంటూ పెట్టండి

సంపాదకుడికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఫోను వ్యసనం మీద వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోబుద్ధి కావడం లేదు. సందేశమేదీ రాకపోయినా జనం పదే పదే ఫోను తీసి చూసుకోవడానికి మనోనిగ్రహం లేకపోవడమే కారణమనీ, తెర వెలిగినప్పుడల్లా మెదడులో డోపమైన్ అనే రసాయనం ఊరి ఆనందం కలుగుతుందనీ వ్యాసకర్త తేల్చేశారు. మొదటి మాట అన్యాయం, రెండోది పొరపాటు. డిగ్రీ కళాశాలలో ఏళ్ల తరబడి మనస్తత్వశాస్త్రం బోధించి విరమణ చేసినదాన్ని కాబట్టి ఈ మాత్రం చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

మా కాలనీ సంగతి మీ విలేకరులకు తెలియనిది కాదు. పైపులైను కోసం వీధులు తవ్వినప్పటి నుంచి మాకు నీళ్లు ట్యాంకరుతోనే. అది ఎప్పుడొచ్చేదీ వాట్సాప్ గ్రూపులో తెలియజేస్తామని అధికారులు చెప్పారు. తెలియజేస్తూనే ఉన్నారు. ఒక రోజు తెల్లవారుజామున, ఇంకో రోజు మిట్టమధ్యాహ్నం, ఒక్కోసారి రెండు రోజులు ఊసే ఉండదు. ఆ గ్రూపులోనే శుభోదయాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎవరిదో స్థలం అమ్మకం ప్రకటన. వీటన్నిటి మధ్య నీళ్ల కబురు ఎక్కడో ఒకటి. అది చూసుకోని ఇంట్లో ఆ పూట బిందెలు ఖాళీ.

మా పక్కింటి అమ్మాయి పోపు వేస్తూనే ఎడమచేత్తో ఫోను తీస్తుంది. బొటనవేలితో తెరను కిందికి లాగి చూస్తుంది. ఏమీ ఉండదు. గట్టు మీద పెడుతుంది. ఆవాలు చిటపటలాడేలోగా చెయ్యి మళ్లీ ఫోను మీదికి పోతుంది. “ఇప్పుడే కదమ్మా చూశావు” అంటే, “చూశానా పిన్నిగారూ?” అంటుంది. ఆ అమ్మాయిని నిగ్రహం లేని మనిషి అనడానికి నాకు నోరు రాదు. ముగ్గురు పిల్లలను, మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటోంది.

దీని వెనకున్న సూత్రం కొత్తదేమీ కాదు. అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్, ఫెర్‌స్టర్‌తో కలిసి పావురాల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1957లో ఫలితాలు ప్రచురించారు. మీట పొడిచిన ప్రతిసారీ గింజ దొరికిన పావురం, గింజలు ఆపేస్తే కాసేపు పొడిచి మానేస్తుంది. ఎన్నో పోటుకు గింజ పడుతుందో తెలియకుండా పెరిగిన పావురం మాత్రం గింజలు పూర్తిగా ఆపేశాక కూడా వేలసార్లు పొడుస్తూనే ఉంటుంది. ఎందుకంటే ప్రతిసారీ దొరికేదానికి ఒక్కసారి దొరక్కపోతే ఏదో మారిందని తెలుస్తుంది. ఎప్పుడో ఒకసారి దొరికేదానికి దొరక్కపోవడం రోజూ ఉండేదే, దానివల్ల తెలిసేదేమీ లేదు. పది ఖాళీల తర్వాత పదకొండోది కూడా ఖాళీ అయితే ఆగిపోవాలని దానికి ఎవరు నేర్పారు?

ఫోను తెర విషయమూ అంతే. సందేశం లేని చూపు మనిషిని నిరుత్సాహపరచి మాన్పిస్తుందని అనుకుంటాం. నిజానికి ఆ ఖాళీ చూపులే అలవాటును గట్టిపరుస్తాయి. రేపు పైపులైను పూర్తయి కుళాయిలో నీళ్లు వచ్చినా ఆ అమ్మాయి చెయ్యి వెంటనే ఆగదు.

పైగా ఖాళీ చూపు పూర్తిగా ఖాళీ కూడా కాదు. నీళ్ల కబురు వచ్చి తను చూడలేదేమోనన్న గుబులు ఒకటి లోపల మొదలవుతుంది. ఫోను తీస్తే ఏమీ లేదు, అంటే జారిపోయినదేమీ లేదు, గుండె కుదుటపడుతుంది. ఆ కుదుటపడటమే ప్రతిఫలం. నిమిషం గడిచేసరికి గుబులు మళ్లీ మొదలు. సందేశం ఉన్నా లాభమే, లేకపోయినా లాభమే అయిన పనిని ఎవరైనా ఎలా మానుకుంటారు?

డోపమైన్ గురించి ఒక్క మాట. నాడీశాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది వేరు. పళ్లరసం దొరికినప్పుడల్లా మెదడులో డోపమైన్‌ను విడుదల చేసే కణాలు ఒకేలా స్పందించలేదు. అనుకోకుండా దొరికినప్పుడు గట్టిగా స్పందించాయి. రసం రాబోతోందని ఒక దీపం చూసి నేర్చుకున్నాక దీపం వెలిగినప్పుడే స్పందించాయి, రసం వచ్చినప్పుడు కాదు. వస్తుందనుకున్నది రాకపోతే వాటి చురుకు తగ్గింది. అంటే అవి అంచనాకూ జరిగినదానికీ మధ్య తేడాను మెదడుకు నేర్పుతున్నాయి. డోపమైన్‌ను ‘ఆనందపు రసాయనం’ అని రాయడం మీ పత్రిక స్థాయికి తగదు. ఒకప్పుడు సైన్సు పుటను విషయం తెలిసినవాళ్లు ఒకసారి చూశాకే అచ్చుకు పంపేవారు.

నోటిఫికేషన్లు ఆపేస్తే సరిపోతుందన్న సలహా కూడా సగమే నిజం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు కొంతమంది కళ్లద్దాలకు చిన్న కెమెరాలు అమర్చి వారి రోజువారీ ఫోను వాడకాన్ని చిత్రీకరించారు. ఫోను ముట్టుకున్న సందర్భాల్లో 89 శాతం ఏ చప్పుడూ లేకుండా మనిషి తనంతట తాను తీసినవే. అది 37 మందితో చేసిన చిన్న అధ్యయనమే, అయినా మా వీధిలో ఏ ఇంటికి వెళ్లినా అదే కనిపిస్తుంది. 2019లో వచ్చిన ఇంకో అధ్యయనంలో నోటిఫికేషన్లను రోజుకు మూడుసార్లు, ముందే తెలిసిన వేళలకు అన్నీ ఒకేసారి అందుకున్నవారు తేరుకున్నారు. మొత్తానికే ఆపేసినవారికి మాత్రం ఏదో జారిపోతోందన్న ఆందోళన పెరిగింది. అసలు కీలకం ఇక్కడుంది. మనిషికి కావలసింది నిశ్శబ్దం కాదు, ఎప్పుడు వస్తుందో తెలియడం.

పోస్టుమాన్ పదకొండింటికి వచ్చే రోజుల్లో ఎవరూ తెల్లవారుజామునే గేటు దగ్గర నిలబడలేదు. పదిన్నర దాటాకే చూపు వీధి వైపు పోయేది, ఉత్తరం వచ్చినా రాకపోయినా ఆయన వెళ్లాక ఎవరి పనిలో వాళ్లు పడేవారు. అవసరం కొద్దీ చూసే చూపు వేళ దగ్గరపడినప్పుడు ఎక్కువవుతుంది, అలవాటు కొద్దీ చూసేది రోజంతా పరుచుకుంటుంది. ఎవరి సంగతి వాళ్లు దీన్నిబట్టే గుర్తుపట్టవచ్చు.

మరి వేళ లేకుండా చేసినవారెవరు? నీళ్ల సంగతి ఒక్కటే కాదు. కరెంటు కోత సమాచారం వాట్సాప్‌లోనే, అదీ కోత మొదలయ్యాక. బడి నుంచి రేపటి సెలవు కబురు రాత్రి పదిన్నరకు. పరీక్ష తేదీ మారిందని ఎప్పుడు చెబుతారో తెలియక పిల్లలు దిండు కింద ఫోను పెట్టుకుని పడుకుంటున్నారు. గ్రూపులో పెట్టేశాం కాబట్టి మా బాధ్యత తీరిపోయిందన్నది ప్రతి కార్యాలయం ధోరణి. ఆ తర్వాత అవే కార్యాలయాలు యువత ఫోనుకు బానిసవుతోందని సదస్సులు పెడతాయి, మీరు ఫొటోలతో వేస్తారు.

మా వార్డు అధికారులను అడుగుతున్నది ఖర్చు లేని పని. నీళ్ల సమాచారానికి వేరే గ్రూపు పెట్టి, అందులో నిర్వాహకులు మాత్రమే రాయగలిగేలా అమర్చండి. ఆ సదుపాయం వాట్సాప్‌లో ఉంది. రోజూ సాయంత్రం ఆరింటికి ఒక్కటే సందేశం పెట్టండి, మరునాడు ట్యాంకరు ఎన్నింటికో అందులో రాయండి. ట్యాంకరు లేని రోజున కూడా ‘రేపు లేదు’ అని అదే ఆరింటికి రాయండి. ఆ రెండో సందేశం అన్నిటికన్నా ముఖ్యం, కబురు లేకపోవడానికి అర్థమేమిటో తెలియకే జనం చూస్తూ కూర్చుంటున్నారు. ఒక నెల వాళ్లు ఇలా నడిపాక, సంపాదకులవారూ, మా వీధి ఆడవాళ్లు మధ్యాహ్నం ఎన్నిసార్లు ఫోను తీస్తున్నారో మీ విలేకరిని పంపి చూడండి.

— ఒక విశ్రాంత అధ్యాపకురాలు