గ్రూపు ప్రాజెక్టులో మార్కులు పనిని బట్టి ఉండాలి

సంపాదకులు గారికి,

డిగ్రీ చివరి సెమిస్టరులో విద్యార్థులు నలుగురైదుగురు కలిసి ఒక ప్రాజెక్టు చేసి రిపోర్టు సమర్పిస్తారు. చాలా కాలేజీలలో ఆ రిపోర్టుకు వచ్చిన మార్కునే గ్రూపులోని వారందరికీ సమానంగా వేస్తున్నారు. అట్ట మీద ఐదు పేర్లున్నా లోపలి పని ఇద్దరు ముగ్గురిదే కావడం విద్యార్థులకూ అధ్యాపకులకూ తెలిసిన సంగతే. పని చేయని వారిని మందలించి వదిలేస్తే ఇది తీరదు. పనిని పంచే తీరులోనూ మార్కులు వేసే తీరులోనూ మార్పు రావాలని కామర్స్ అధ్యాపకుడిగా పనిచేసి రిటైరైన నా అభిప్రాయం.

వైవా పరీక్షకు బయటి పరీక్షకుడిగా వెళ్లిన ఒక కాలేజీలో ఐదుగురు విద్యార్థుల గ్రూపు వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుల అమ్మకం ఖర్చుల మీద ప్రాజెక్టు చేసింది. అరవై మంది రైతులను అడిగి హమాలీ, తూకం వేసే దడ్వాయి కూలీ, తూకంలో కోసే తరుగు వంటి వాటి కింద బస్తాకు ఎంత పోతున్నదో లెక్కగట్టారు. రిపోర్టు నిజంగా బాగుంది. అయితే రైతులు తరుగు గురించి ఏం చెప్పారని ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగితే ముగ్గురు మాత్రమే జవాబు చెప్పగలిగారు. తెల్లవారుజామున యార్డుకు వెళ్లి ఫారాలు నింపింది ఇద్దరు అమ్మాయిలు, వాటిని కంప్యూటరులో ఎక్కించి పట్టికలు తయారుచేసింది ఇంకొకరు. నాలుగో విద్యార్థి ఉపోద్ఘాతం అధ్యాయాన్ని ఇంటర్నెట్ నుంచి దించుకుని ఇచ్చాడు. ఐదో విద్యార్థి బైండింగు డబ్బులు తానే పెట్టానని చెప్పాడు. అక్కడి పద్ధతి ప్రకారం ఐదుగురికీ పడినది ఒకటే మార్కు.

ఈ గ్రూపు పనిని అధ్యాయాల వారీగా, తలా ఒకటి చొప్పున పంచుకున్నది. చూడటానికి సమానంగా ఉన్న ఈ పంపకంలోనే చిక్కు ఉన్నది. ఉపోద్ఘాతం ఒక రాత్రిలో తయారవుతుంది, సర్వేకు వారాలు పడుతుంది. పైగా ‘రిపోర్టు చూసుకోవడం’ వంటి బాధ్యత రాసుకుంటే అది పూర్తయిందో లేదో ఎవరూ చెప్పలేరు. అదే ‘ఫలానా తేదీలోగా పన్నెండు మంది రైతుల ఫారాలు నింపి గ్రూపుకు ఇవ్వాలి’ అని రాసుకుంటే, ఫారాలు చేతికి వచ్చాయా లేదా అన్నది ఆ రోజే తేలిపోతుంది. ఈ ప్రాజెక్టులోనే ఐదుగురూ తలా పన్నెండు మందిని అడిగి ఉంటే, వైవాలో ప్రతి ఒక్కరికీ తన నోటితో చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఆ ఉమ్మడి భాగం తరువాతే పట్టికలు ఒకరికి, రాత ఒకరికి, ఒకరి పనిని ఇంకొకరు సరిచూడటం వేరొకరికి అని, పట్టే గంటలను బట్టి పంచుకోవాలి. ఏ పని, ఎవరిది, ఎప్పటిలోగా, పూర్తయినదనడానికి ఏం చూపించాలి అన్న నాలుగు సంగతులను ఒక కాగితం మీద రాసి, అందరూ సంతకం చేసి, మొదటి వారంలోనే గైడ్‌కు ఇవ్వాలి.

పని ఎవరిదో కనబడితేనే మనిషి పూర్తి శక్తితో చేస్తాడన్నది ప్రయోగాలలో తేలిన విషయం. ఫ్రాన్సుకు చెందిన వ్యవసాయ ఇంజినీరు రింగెల్‌మాన్ మనుషుల చేత తాడు లాగించి 1913లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు వారి విడివిడి బలాల మొత్తంలో దాదాపు సగమే బయటికి వచ్చింది. ఇందులో కొంత అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం వల్ల పోయిన బలం. మిగతాదాని గురించి అమెరికాలో లటానే, విలియమ్స్, హార్కిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చప్పట్లు, అరుపుల మీద ప్రయోగాలు చేశారు. గుంపులో ఉన్నా ఎవరి అరుపు ఎంతో విడిగా కొలుస్తున్నారని తెలిసినప్పుడు మనుషులు తగ్గకుండా అరిచారని 1981లో వెల్లడించారు. మన కాలేజీలు పాటించవలసినది ఈ రెండో ఫలితాన్నే.

మార్కుల విషయంలో ఇంగ్లండులోని కొన్ని విశ్వవిద్యాలయాలు విద్యార్థులు ఒకరి పనికి ఒకరు విలువ కట్టే పద్ధతిని చాలాకాలంగా వాడుతున్నాయి. దానిని మన కాలేజీలకు తగినట్టు సులువు చేసి చెబుతాను. ఐదుగురిలో ప్రతి ఒక్కరూ తన దగ్గరున్న 100 పాయింట్లను, తనను వదిలి, మిగిలిన నలుగురికి రహస్యంగా పంచాలి. అందరూ సమానంగా పనిచేస్తే ప్రతి ఒక్కరికీ మొత్తం 100 పాయింట్లు వస్తాయి. మిర్చి ప్రాజెక్టు గ్రూపులో ఆ ముగ్గురికి 124, 116, 108, ఉపోద్ఘాతం ఇచ్చిన వారికి 92, బైండింగు డబ్బులు పెట్టిన వారికి 60 వచ్చాయనీ, రిపోర్టుకు 70 మార్కులు పడ్డాయనీ అనుకుందాం. అందులో సగం, అంటే 35, అందరికీ సమానంగా ఇచ్చి, మిగిలిన 35ను ఒక్కొక్కరి పాయింట్లతో హెచ్చించి 100తో భాగించాలి. అప్పుడు మొదటి వారికి 35కు 43.4 కలిసి 78.4, చివరి వారికి 35కు 21 కలిసి 56 మార్కులు వస్తాయి. మధ్యలోని వారికి 75.6, 72.8, 67.2 పడతాయి. గ్రూపు సగటు 70 దగ్గరే ఉంటుంది కనుక రిపోర్టు విలువ మారదు. పని చేయని వాడు దండిగా నష్టపోవాలని కొందరు మొత్తం 70నూ ఈ లెక్కకిందికి తేవాలంటారు. అప్పుడు చివరి వారికి 42 మాత్రమే వస్తాయి. తోటివారి అభిప్రాయం ఒక్కదానికే అంత బలం ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

ఎందుకంటే ఈ పద్ధతిలో పక్షపాతానికి చోటున్నది. స్నేహితులు ముందే మాట్లాడుకుని అందరికీ 25 చొప్పున వేయవచ్చు, లేదా కులాన్నో ఊరినో మనసులో పెట్టుకుని ఒక్కరి మీద కక్ష తీర్చుకోవచ్చు. అందుకే ఎవరికైనా 20 కన్నా తక్కువ లేదా 30 కన్నా ఎక్కువ పాయింట్లు ఇచ్చినవారు దానికి కారణాన్ని ఒక వాక్యంలో రాయాలి. గైడ్ ఆ వాక్యాన్ని సంతకాల కాగితంతోనూ, వైవా జవాబులతోనూ పోల్చిచూడాలి. కాగితం ప్రకారం ఫారాలు ఇవ్వని విద్యార్థికి నలుగురూ 25 వేసినట్లయితే ఆ లెక్కను పక్కన పెట్టాలి.

పని తక్కువ చేసిన ప్రతివాడూ తప్పించుకునేవాడే అనుకోవడం కూడా అన్యాయమే. పరకాల నుంచో నర్సంపేట నుంచో బస్సులో వచ్చి, సాయంత్రం దుకాణంలో పనిచేసే విద్యార్థి తెల్లవారుజామున యార్డుకు రాలేడు. అతడు ఆ సంగతి ముందే చెప్పి, రాత్రిపూట చేయగల డేటా ఎంట్రీని అడిగి తీసుకుంటాడు. తప్పించుకునేవాడు ‘చేస్తున్నా’ అని మాత్రమే మెసేజ్ పెడతాడు, ఇప్పటిదాకా చేసినది చూపించమంటే చూపించడు. మొదటి గడువు దాటిన రోజునే ఈ తేడా కనబడుతుంది. ఆ రోజే గ్రూపువారు నేరుగా అడగాలి, రెండో గడువూ దాటితే గైడ్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. మార్కుల భయంతో చురుకైన విద్యార్థి ఒక్కరే అందరి పనీ నెత్తిన వేసుకోవడం మన దగ్గర చాలా ఎక్కువ. దానితో ఎవరు చేయలేదో గైడ్‌కు తెలియకుండా పోతుంది, చేద్దామనుకున్న వారికి కూడా పని మిగలదు.

కనుక విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా మండళ్లు ప్రాజెక్టు మార్గదర్శకాలలో ఈ పని కాగితాన్ని, పాయింట్ల ఫారాన్ని, ఒక్కొక్కరికి విడిగా వైవాను తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. ఆ ఫారాన్ని గ్రూపులు ఏర్పడిన రోజునే విద్యార్థుల చేతికివ్వాలి. రిపోర్టు బైండింగు అయ్యాక ఇస్తే అది తగాదాలకు తప్ప పనికి ఉపయోగపడదు.

ఇట్లు,
ఒక విశ్రాంత డిగ్రీ అధ్యాపకుడు,
హనుమకొండ.