మూడు మెట్ల ఫిర్యాదు గురించి బీమా నియంత్రణ సంస్థ ఛైర్మన్‌గారికి బహిరంగ లేఖ

ఐఆర్‌డీఏఐ ఛైర్మన్‌గారికి నమస్కారం.

ఫిర్యాదు ఎక్కడ చేసుకోవాలో తెలియక రాస్తున్న ఉత్తరం కాదిది. ఎక్కడెక్కడ చేసుకోవాలో మా ఆరోగ్య బీమా పాలసీ చివరి పేజీల్లో చక్కగా అచ్చు వేశారు. మొదట కస్టమర్ కేర్‌కి రాయాలి, 15 రోజులు ఆగాలి. జవాబు నచ్చకపోతే గ్రీవెన్స్ అధికారికి రాయాలి, ఇంకో 15 రోజులు. అదీ నచ్చకపోతే సీనియర్ కమిటీ, మళ్లీ 15 రోజులు. చదవడానికి ఎంత బాగుంటుందో! అన్ని మెట్లూ ఎక్కి వచ్చాను కాబట్టి, పైన ఏముందో మీకు చెప్పాలనిపించింది. కంపెనీ పేరు రాయడం లేదు. వేరే కంపెనీల పత్రాల్లోనూ ఇలాంటి మెట్లు కనిపిస్తాయి.

సంగతి చిన్నదే. మా ఆవిడకు 2025లో పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేశారు. పాలసీ 2018లో తీసుకున్నాం, ఒక్క ఏడాదీ ఆపకుండా కడుతూ వచ్చాం. ఆసుపత్రిలో చేరిన రాత్రి డ్యూటీ డాక్టరు కేస్ షీట్‌లో ‘పదేళ్లుగా బీపీ’ అని రాశాడు. ఆమె బీపీ మాత్రలు మొదలుపెట్టింది 2020లో, అప్పటి చీటీ మా దగ్గర ఉంది. కంపెనీ మాత్రం ఆ ఒక్క ముక్క పట్టుకుని, జబ్బు దాచి పాలసీ తీసుకున్నారని క్లెయిమ్ తిరస్కరించింది. పిత్తాశయంలో రాళ్లకూ బీపీకీ ఏమిటి సంబంధం అని అడిగితే దానికి జవాబు లేదు.

అసలు ఆ వాదనే చెల్లదు కదా సార్. 60 నెలలు ఆగకుండా పాలసీ నడిచాక, మోసం అని రుజువు చేస్తే తప్ప, ఫలానాది చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదని 2024లో మీరే నిబంధన పెట్టారు. ఇదే నా మొదటి ఉత్తరంలో రాశాను, 2020 నాటి చీటీ జత చేశాను.

మొదటి మెట్టు మీద నుంచి వచ్చిన జవాబు: ‘మీ ఫిర్యాదును పరిశీలించాం. మా పూర్వ నిర్ణయంలో మార్పు లేదు.’ రెండో మెట్టు నుంచి జవాబు కాకుండా ప్రశ్న వచ్చింది: బీపీకి మొట్టమొదట చూపించుకున్న కాగితం పంపండి. పంపాను. అది అందే లోపే ‘కోరిన సమాచారం అందనందున టికెట్ ముగించడమైనది’ అని మెసేజ్. మళ్లీ రాస్తే కొత్త నంబరు, కొత్త 15 రోజులు. ఇక్కడే ఉంది కిటుకంతా. గడువు ఫిర్యాదుకి కాదు, టికెట్‌కి, అంటే కంపెనీ దానికిచ్చే నంబరుకి. టికెట్ మూసి కొత్తది తెరిస్తే లెక్క ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. కంపెనీ రికార్డులో మాత్రం ప్రతి టికెట్టూ గడువులోగా పరిష్కారమైనట్టే. మీ దగ్గరకు వచ్చే లెక్కల్లో నేను ఎన్నిసార్లు సంతృప్తి చెందానో నాకు తెలియదు.

మీ నిబంధన ప్రకారం ఫిర్యాదు అందిన 14 రోజుల్లో కంపెనీ దాన్ని తేల్చాలి. మరి మూడు మెట్లు పెట్టి, ఒక్కో మెట్టుకి 15 రోజులని రాసుకునే వీలు ఎవరిచ్చారు? పైగా పత్రంలో ఉన్నది ‘ప్రతిస్పందిస్తాం’ అన్న మాట. ‘మీ మెయిల్ అందింది’ అన్నా ప్రతిస్పందనే అవుతుంది కదా.

ఇక సీనియర్ కమిటీ. ఎన్నో ఆశలు పెట్టుకుని రాశాను, చెప్పడానికి సిగ్గెందుకు. పెద్దవాళ్లు కూర్చుని చూస్తారు, 60 నెలల మాట చదువుతారు అనుకున్నాను. వచ్చిన ఉత్తరంలో వాక్యాలు మొదటి మెట్టువే. కమిటీలో ఎవరున్నారు, ఏ రోజు కూర్చున్నారు, నా చీటీ చూశారా అన్నది ఒక్కటీ లేదు. 60 నెలల నిబంధన ప్రస్తావనే లేదు. సంతకం కూడా లేదు, ‘ఇది కంప్యూటర్ ద్వారా తయారైన లేఖ’ అని ఉంది.

మీ 2024 సర్క్యులర్‌లో ఇంకో సంగతి ఉంది. ఆరోగ్య బీమా క్లెయిమ్ తిరస్కరించాలంటే ముందే కంపెనీలోని ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ కమిటీ గానీ, అందులోని ముగ్గురు సభ్యుల క్లెయిమ్స్ రివ్యూ కమిటీ గానీ ఒప్పుకోవాలి. మంచి నిబంధన, కాదనను. అలాగైతే నా క్లెయిమ్‌ను కాదనడానికి ఒప్పుకున్న వాళ్లూ, చివర్లో నా ఫిర్యాదు విన్న వాళ్లూ ఒకరేనా, వేరా? అడిగాను. చెప్పలేదు. ఒకరే అయితే ఇన్నాళ్లూ ఎవరి దగ్గరికి ఎక్కినట్టు?

దీనివల్ల జనానికి జరిగే అసలు నష్టం వేరే ఉంది. కంపెనీకి బయట ఉండి ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలంటే కంపెనీకి ఒకసారి రాతపూర్వకంగా రాసి, వాళ్లు కాదన్నా, నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా చాలు. 2017 నాటి నియమాలు చెప్పేది ఇంతే, సీనియర్ కమిటీ దాకా పోవాలని ఎక్కడా లేదు. కానీ పాలసీ పత్రంలో అంబుడ్స్‌మన్ పేరు మూడో మెట్టు తర్వాత ఉంటుంది. చదివిన ఎవరైనా ముందు ఆ మూడూ ఎక్కి తీరాలనే అనుకుంటారు. కంపెనీ కాదన్నాక ఏడాది లోపు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలి. ఆ ఏడాది ఏ ‘కాదు’ నుంచి లెక్క? మొదటి మెట్టుదా, కమిటీదా? పత్రంలో ఉండదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామంటే రెండేళ్ల గడువు, కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని అది ఆగదు. మీ బీమా భరోసా పోర్టల్‌లో పెట్టినా ఫిర్యాదు ముందుగా వెళ్లేది అదే కంపెనీకి. డెబ్బై ఏళ్ల మనిషి ఒంటరిగా ఇవన్నీ లెక్కపెట్టుకోవాలంటే ఎంత టెన్షనో ఆలోచించండి.

బ్యాంకుల్లో ఇలా లేదు సార్. రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఇంటర్నల్ అంబుడ్స్‌మన్ పద్ధతిలో, బ్యాంకు ఒక ఫిర్యాదును పూర్తిగా గానీ కొంత గానీ కాదనాలనుకుంటే, కస్టమర్‌కి ఆ మాట చెప్పకముందే అది తనంతట తాను పైకి వెళ్లాలి. చూసే మనిషి ఆ బ్యాంకులో పనిచేసిన వాడై ఉండకూడదు. అంతా కలిపి 30 రోజుల్లో తుది జవాబు రావాలి. అక్కడ కూడా లోపాలుంటాయి, జీతమిచ్చేది బ్యాంకే కదా. అయినా మెట్లెక్కాల్సింది కాగితం, మనిషి కాదు.

మమ్మల్ని కూడా అలా చూడమని అడుగుతున్నాను. కాదనే ప్రతి ఫిర్యాదూ దానంతటదే కమిటీకి వెళ్లాలని రాయించండి. ముందు తిరస్కరణకు ఒప్పుకున్నవాళ్లు ఆ కమిటీలో ఉండకూడదని రాయించండి. మొదటి ఉత్తరం అందిన రోజు నుంచే 14 రోజులు లెక్క, టికెట్ ఎన్నిసార్లు మూసినా అదే లెక్క అని రాయించండి. నేను ఎత్తిన ప్రతి అంశానికీ విడిగా జవాబు, కింద ఒక మనిషి పేరు ఉండాలని రాయించండి. అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏ రోజు నుంచి వెళ్లొచ్చో, ఏ రోజుతో గడువు ముగుస్తుందో తేదీలతో సహా తిరస్కరణ లేఖలోనే ఉండాలి. ‘ప్రతిస్పందిస్తాం’ అన్న మాట మాత్రం దయచేసి తీసేయించండి.

మా క్లెయిమ్ ఇప్పించమని ఈ ఉత్తరంలో అడగడం లేదు. దానికి అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఫిర్యాదు వేశాను, కమిటీ ఉత్తరంతో పాటు మొదటి మెట్టు ఉత్తరం కూడా జతచేశాను. ఏడాది ఎక్కడి నుంచి లెక్కపెట్టినా ఇబ్బంది రాకుండా.

ఇట్లు,
ఒక పాలసీదారు,
గుంటూరు