చర్చలో అన్న మాట వార్త కాదు

సంపాదకుని గారికి,

ఒక వంతెన కూలిందనుకుందాం. సాయంత్రం బులెటిన్‌లో ఆ వార్త రెండు నిమిషాలే: ఎక్కడ, ఎప్పుడు, ఎంతమంది, ఆ సంగతి ఎవరు చెప్పారు. రాత్రి చర్చలో ఒక అతిథి ‘నాసిరకం సిమెంటే కారణం’ అంటారు. పరీక్ష నివేదిక ఇంకా రాలేదు కాబట్టి అది ఆయన అభిప్రాయమే. చిక్కల్లా ఆ మాట ఆయన పేరు లేకుండా కింద స్క్రోలింగ్‌లో పరుగెత్తడం. తెల్లారేసరికి అందరి నోటా అది ‘టీవీలో చెప్పారు’ అయిపోతుంది!

డాక్యుమెంటరీ నెలల తర్వాత, పత్రాలూ ఇంజినీర్ల వాంగ్మూలాలూ పట్టుకుని వస్తుంది. అందులోనూ ఏది ఉంచాలో, ఏది తీసేయాలో దర్శకుడి ఇష్టం. కూలే దృశ్యం నటులతో తీసిందైతే తెరమీద ఆ మాట వేయాలి.

చర్చ సాగినంతసేపూ ‘అభిప్రాయాలు మాత్రమే’ అని తెర మూలన ఉంచాలని ఛానెళ్లను కోరుతున్నాను.

– ఒక ప్రేక్షకుడు