అమ్మలూ, ఆ డ్రా నీదే

శ్రీకాకుళం,
మంగళవారం రాత్రి.

అమ్మలూ,

ఆదివారం చెస్ ఆటలో నువ్వు డ్రా క్లెయిమ్ చేస్తే ఆర్బిటర్ ఒప్పుకోలేదని రాత్రి ఫోన్‌లో ఏడుస్తూ చెప్పావు కాబట్టి సగమే అర్థమైంది. నిన్న నువ్వు పంపిన స్కోర్‌షీట్ ఫొటో ముందు పెట్టుకుని, అరుగు మీద బోర్డు వేసి ఆట మొత్తం ఆడి చూశాను. ఆ గేమ్ డ్రా చేసుకోవాల్సింది. ఒకే పొజిషన్ మూడుసార్లు వస్తే డ్రా క్లెయిమ్ చేయొచ్చు. నీ లెక్క తప్పలేదు, పొజిషన్ మూడుసార్లు వచ్చింది. చెప్పిన సమయం మాత్రం తప్పింది.

నువ్వు నల్లపావులు, ఒక బంటు తక్కువ. 41వ ఎత్తులో నీ ఏనుగు d8 నుంచి d2కి దిగి g2లో ఉన్న రాజుకి చెక్ చెప్పింది. ఆ తర్వాత ఎత్తులు ఇవి:

```
41... Rd2+
42. Kg1 Rd1+
43. Kg2 Rd2+
44. Kg1 Rd1+
45. Kg2 Rd2+
```

41, 43, 45 ఎత్తుల్లో నువ్వు ఆడాక ఒకే పొజిషన్, ప్రతిసారీ ఎత్తు తెల్లవాళ్లదే. మూడోసారి d2లో ఏనుగు పెట్టి, క్లాక్ నొక్కి, అప్పుడు చెయ్యెత్తావు. ఏనుగుని d2లో పెట్టి చెయ్యి వదిలిన క్షణంలోనే ఎత్తు ఎదుటి అబ్బాయిదైపోయింది. డ్రా క్లెయిమ్ చేసే హక్కు ఎత్తు ఎవరిదో వాళ్లకే ఉంటుంది. ఆర్బిటర్ కాదనడం సరైనదే. 46వ ఎత్తులో ఆ అబ్బాయి రాజుని h3కి తీసుకెళ్లాడు, నీ చెక్కుల దారి అక్కడితో తెగిపోయింది.

సరైన పద్ధతి ఇదీ. 45వ ఎత్తు దగ్గర ఏనుగుని ముట్టుకోకూడదు. ముందు స్కోర్‌షీట్ మీద Rd2+ అని రాయాలి. క్లాక్ ఆపి, ఆర్బిటర్‌ని పిలిచి, "ఈ ఎత్తు ఆడబోతున్నాను, దీంతో ఇదే పొజిషన్ మూడోసారి వస్తుంది, డ్రా క్లెయిమ్ చేస్తున్నాను" అని చెప్పాలి. ఆడాలని పావుని ముట్టుకుంటే ఆ ఎత్తుకి క్లెయిమ్ చేసే హక్కు పోతుంది. రాసిన ఎత్తు మార్చడానికి వీల్లేదు. క్లెయిమ్ తప్పని తేలితే ఎదుటివాళ్లకి 2 నిమిషాలు కలుపుతారు, నువ్వు ఆ రాసిన ఎత్తే ఆడాలి. ఒప్పని తేలితే ఆట అక్కడితో ఆగిపోతుంది. ఎదుటివాళ్లు ఒప్పుకోవాల్సిన పని లేదు. అందుకే ఎదుటి అబ్బాయిని "డ్రానా?" అని అడగకు, ఆర్బిటర్‌తోనే మాట్లాడు.

రెండో దారి కూడా ఉంది. ఎదుటివాళ్లు ఆడిన ఎత్తుతోనే పొజిషన్ మూడోసారి వస్తే, ఏమీ రాయకుండా నేరుగా క్లెయిమ్ చేయొచ్చు. నీ ఆటలో ఆ అవకాశం రాలేదు. d1లో ఏనుగు, g2లో రాజు ఉన్న పొజిషన్ రెండుసార్లే వచ్చింది, లెక్కపెట్టి చూశాను.

ఎత్తులు వరసగా అవే రావాలని చాలామంది అనుకుంటారు. కాదమ్మా. 1971లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఫిషర్, పెట్రోసియన్‌ల మూడో గేమ్ చూడు. ఫిషర్ మంత్రి e2కి వచ్చిన పొజిషన్ 30, 32 ఎత్తుల్లో వచ్చింది. మధ్యలో ఆడిన ఎత్తులు ఒక్కోసారి ఒక్కోలా ఉన్నాయి. 34వ ఎత్తుగా ఫిషర్ Qe2 అని స్కోర్‌షీట్ మీద రాసి డ్రా క్లెయిమ్ చేశాడు. ఏం జరిగిందో పెట్రోసియన్‌కి వెంటనే అర్థం కాలేదు. కావాల్సింది పావులు అవే గళ్లలో ఉండడం, ఎత్తు అదే వైపుది కావడం, కోట కట్టే హక్కు, ఎన్‌పాసాంట్ అవకాశం కూడా మారకపోవడం. మొదటిసారి కోట కట్టే హక్కు ఉండి తర్వాత రాజు కదిలిపోతే, బోర్డు చూడడానికి ఒకేలా ఉన్నా ఆ పొజిషన్ వేరు.

యాభై ఎత్తుల నియమానికీ క్లెయిమ్ పద్ధతి ఇదే. బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా ఇద్దరూ చెరో 50 ఎత్తులు ఆడాలి. నల్లవాళ్లు 62వ ఎత్తులో ఆఖరిసారి ఒక పావుని చంపారనుకో, లెక్క 63 నుంచి మొదలవుతుంది, 112తో నిండుతుంది. నల్లపావులు నీవైతే 112వ ఎత్తు ఆడకుండా రాసి క్లెయిమ్ చేయి. తెల్లపావులు నీవైతే, నల్లవాళ్లు 112 ఆడేశాక 113 ఆడకముందే చేయి. మధ్యలో ఒక్క బంటు కదిలినా మళ్లీ ఒకటి నుంచే.

ఐదుసార్లు పొజిషన్ వచ్చినా, 75 ఎత్తులు ఇలాగే గడిచినా ఆర్బిటరే ఆట ఆపుతారు. అంతవరకూ మనం అడిగితేనే. ఫోన్‌లో కొన్ని యాప్‌లలో మూడోసారికే దానంతట అదే డ్రా అయిపోతుంది కదా, ఆ అలవాటే నిన్ను ఆదివారం దెబ్బతీసిందని నా అనుమానం.

ఇంకొకటి. 38వ ఎత్తు దగ్గర నీ షీట్‌లో రెండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. టెన్షన్‌లో వదిలేసి ఉంటావు. క్లెయిమ్ సరైనదో కాదో ఆర్బిటర్ ఆ కాగితం చూసే తేలుస్తారు. ప్రతి ఎత్తుకీ 30 సెకన్లు కలిసే ఆటలో చివరివరకూ రాయక తప్పదు కూడా.

సంక్రాంతికి వచ్చినప్పుడు 41వ ఎత్తు నుంచే బోర్డు పెడదాం. తెల్లపావులు నేను తీసుకుంటాను. 45 దగ్గర నువ్వు చేతులు ఒళ్లో పెట్టుకుని, పెన్ను తీసి, రాసి, నన్ను ఆర్బిటర్ అనుకుని పిలువు.

మీ నాన్న