చీర ఇచ్చేసి వచ్చాను

పర్లాకిమిడి,
గురువారం రాత్రి

చిరంజీవి సుధకి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. చలి ఇంకా వదల్లేదు. తెల్లారగట్ట మంచు దిగితే ఎదురింటి పతి బాబు గారి అరుగు కూడా కనబడటం లేదు. హాస్టల్లో గీజరు పాడైందన్నావు, బాగు చేయించారా? చన్నీళ్ళు పోసుకోకు, నీకు గొంతు పట్టేస్తుంది. పెరట్లో పనస పిందెలు మొదలయ్యాయి. బావి మోటారు మళ్ళీ కాలింది, ఈసారి కొత్తదే వేయించాను.

సంక్రాంతి తర్వాత నీ దగ్గర్నుంచి "బాగున్నా నాన్నా" అనే రెండు ముక్కలు తప్ప ఏమీ రావడం లేదు. పని ఎక్కువై ఉంటుందిలే అని అమ్మతో అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. కనుమ నాడు తెల్లారేసరికి నువ్వు బస్సెక్కేశావు. మంచం మీద అత్త పెట్టిన ఆ చీర మడత విప్పకుండా వదిలేసి వెళ్ళావు. అమ్మ దాన్ని బీరువాలో పెట్టింది. బీరువా తెరిచినప్పుడల్లా ఆ ఫొడా కుంభ అంచు కనబడి నాకు మనసు బాగుండేది కాదు.

నానమ్మకి బాగానే ఉంది. బీపీ 140 దగ్గర ఉంటే ఆ వయసుకి కంగారు పడక్కర్లేదన్నారు డాక్టరు గారు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, నానమ్మకి బాగోలేదని, కళ్ళ ముందు నీ పెళ్ళి చూడాలంటోందని ఎవరు ఫోన్ చేసినా ముందు నాకు చెయ్యి. నిజంగా బాగోకపోతే నేనే కబురు చేస్తాను. నా నోట వినకుండా నువ్వు రైలెక్కొద్దు.

ఇంకో మాట. టెక్కలి పెదనాన్న పోయిన వారం ఫోన్ చేసి, సుధ భువనేశ్వర్‌లో ఎవరినో చూసుకుందట కదా అన్నాడు. ఎవరు చెప్పారంటే పేరు చెప్పలేదు. నేను నిన్ను అడగటం లేదు. ఉంటే నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్పు. లేకపోతే లేదని రుజువు చేసుకోవాల్సిన పనీ లేదు. పిల్ల పెళ్ళి వద్దంటే వెనక ఎవరో ఉండి తీరాలని మనవాళ్ళు అనుకుంటారు. ఊరికే వద్దనుకునే మనిషి వాళ్ళకి అర్థం కాదు. సరే, తిండి సరిగ్గా తింటున్నావా? రాత్రిళ్ళు అటుకులతో సరిపెట్టుకోకు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1977. నాకు పదకొండేళ్ళు, మీ అత్తకి పదహారు. అప్ప మెట్రిక్ చదువుతోంది. లెక్కల్లో క్లాసు మొత్తానికి ఫస్టు. మా మేనత్త నరసన్నపేట నుంచి వచ్చి తాతయ్యని అడిగింది, నా కొడుకుకి నీ కూతుర్నివ్వు, ఇది పుట్టినప్పుడే అనుకున్నాం కదా అని. ఎవరు అనుకున్నారో, ఎప్పుడనుకున్నారో ఎవరికీ గుర్తు లేదు, అయినా అందరూ అవునన్నారు. అప్పటి చట్టంలో ఆడపిల్లకి 15 నిండితే చాలు. 18 చేసింది ఆ మరుసటేడు, 1978లో. కాబట్టి చట్టానికి కూడా అడ్డు లేదు.

అప్పని అడిగారు. అప్ప వద్దనలేదు. "పరీక్షలవ్వనీ" అంది. ఆ మాట నేను చెవులారా విన్నాను. వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, నానమ్మ మొహం చూడకుండా అంది. అది వద్దనడమేనని నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజుల్లో ఆడపిల్లకి వద్దు అనడానికి ఉన్న మాట అదొక్కటే. పెద్దవాళ్ళు మాత్రం దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నారు. తాతయ్య ఎంత సంతోషించాడో! పిల్ల గడువడిగింది, ఇద్దాం అన్నాడు. ఇచ్చాడు కూడా, ఒక్క రోజు తగ్గకుండా. ఆఖరి పరీక్ష రాసి అప్ప ఇంటికొచ్చిన సాయంత్రానికి అరుగు మీద పురోహితుడు పంచాంగం విప్పి కూర్చున్నాడు. అడిగిన గడువు ఇచ్చేశారు, ఇక అడగడానికి దాని దగ్గర ఏమీ మిగల్లేదు. తాంబూలాలనాడు పళ్ళెం పట్టుకుని మేళం ముందు నడిచింది నేనే. కొత్త చొక్కా వేశారు. పళ్ళెంలో వక్కలు జారిపోతుంటే బొటనవేలితో అదిమి పట్టుకుని నడిచాను. బావ మంచివాడే, అప్పని ఏనాడూ మాటనలేదు. కానీ రిజల్టొచ్చినప్పుడు మార్కుల కాగితం తెచ్చుకోవడానికి అప్ప రాలేదు. అది మన ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది.

ఇంత పొడుగు ఎందుకు రాశానంటే, ఆ పనే నేను నీ విషయంలో చేశాను. అప్ప నిన్ను తన కొడుక్కి, అంటే మీ బావకి, అడిగినప్పుడల్లా నేను వద్దనలేదు. మొదటిసారి, ఎమ్మే అవ్వనీ అప్పా అన్నాను. తర్వాత ఉద్యోగం రానీ అన్నాను. పోయిన దసరాకి, ప్రొబేషన్ అవ్వనీ అన్నాను. అప్ప మనసు నొప్పించకుండా తప్పించుకున్నాను అనుకున్నాను. తప్పించుకోలేదు, ప్రతిసారీ నా చేత్తో నేనే గడువు రాసిచ్చాను. ప్రొబేషన్ డిసెంబరులో అయిపోయింది. అప్ప సంక్రాంతికి చీరతో వచ్చింది. దాని లెక్కలో అది నేనన్న మాట ప్రకారమే వచ్చింది. ఊరివాళ్ళ ముందు నీకు బొట్టు పెట్టి ఒడిలో చీర పెడుతుంటే, నేను పక్కన కూర్చుని కూడా నోరు తెరవలేదు. నలుగురిలో ఒడిలో పడ్డ చీరని ఎవరూ ఊరికే ఇచ్చిందనుకోరు. సాయంత్రానికే వీధిలో మాటైపోయిందట అన్నారు.

అందుకని ఒక్కటి మాత్రం నా మాట విను, లెక్చరు అనుకోకు. వాళ్ళకి కారణం చెప్పొద్దు. కారణం చెబితే దాన్ని తీర్చేస్తారు. చదువంటే పెళ్ళయ్యాక చదువుకో అంటారు. ఉద్యోగమంటే మానమన్నదెవరంటారు. మేనరికంలో పిల్లలకి జబ్బులొస్తాయని చెబుదామని అమ్మ అంది. అది నిజమే, దగ్గర రక్త సంబంధంలో పుట్టే పిల్లలకి పుట్టుకతో వచ్చే లోపాలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు రెట్టింపు. పతి బాబు గారు ఒడియావారు, ఆయనైతే మామ బిడ్డంటే మాలో అన్నాచెల్లెళ్ళే, పెళ్ళేమిటని ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. మనకి ఆచారం ఉంది గనక చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఆ కారణం చెప్పావనుకో, సరే బయటి సంబంధం చూద్దాం అంటారు. నువ్వు వద్దంటున్నది పెళ్ళిని, వాళ్ళకి వినబడేది బావని. అలాగే పెళ్ళి ఇప్పుడొద్దు అని మాత్రమే అంటే, బావని ఆగమంటారు. ఆ పిల్లాడికి ముప్పై రెండు దాటాయి, నీ కోసం కూర్చోబెట్టి వాడికీ అన్యాయం చేసినట్టవుతుంది. కాబట్టి రెండూ విడివిడిగా చెప్పాలి. బావని చేసుకోను, ఇది ఒకటి. ఇంకెవరినీ కూడా చూడొద్దు, నాకు కావాలనిపిస్తే నేనే చెబుతాను, ఇది రెండోది. తేదీ పెట్టొద్దు. ఎందుకని అడిగితే, నాకిష్టం లేదత్తా అని అదే మాట మళ్ళీ చెప్పు. కొత్త మాట కలిపావంటే అక్కడ పట్టుకుంటారు.

పండక్కి నలుగురూ కూర్చున్నప్పుడు కాదు, అడిగిన మనిషికే, ఒక్కరికే చెప్పాలి. నలుగురిలో చెబితే వాళ్ళకి పరువు అడ్డొస్తుంది, ఇక వెనక్కి తగ్గలేరు.

ఇవన్నీ నిన్ను చెప్పమనే ముందు నేను చెప్పాలని మంగళవారం చీర పట్టుకుని పాతపట్నం మీదుగా నరసన్నపేట వెళ్ళాను. అమ్మ వస్తానంది, వద్దన్నాను. అప్ప ఒక్కతే ఉన్నప్పుడు, మధ్యాహ్నం పూట కూర్చున్నాను. పళ్ళూ పువ్వులూ పట్టుకెళ్ళలేదు, పట్టుకెళ్తే మళ్ళీ ఇంకో అర్థం వస్తుంది. చీర పీట మీద పెట్టి, సుధ మీ అబ్బాయిని చేసుకోదప్పా, పెళ్ళే ఇప్పుడనుకోవటం లేదు, ఇన్నాళ్ళూ గడువులు పెట్టి నిన్ను తిప్పింది నేను, తప్పు నాది, పిల్లది కాదు అన్నాను.

"ఏటిరా, నా కొడుక్కి ఏటి తక్కువ?" అంది. ఏమీ తక్కువ లేదన్నాను. "మరి?" అంది. దానికిష్టం లేదన్నాను. ఈ మూడు మాటలే నాలుగుసార్లు తిరిగాయి. నాన్నుంటే ఇలా జరిగేదా అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. అప్పుడు, నీ మార్కుల కాగితం మా ఇంట్లోనే ఉందప్పా, తెచ్చివ్వనా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రోజు పళ్ళెం నువ్వేరా పట్టుకున్నావు" అంది. భోజనం పెట్టింది గానీ తను తినలేదు. వచ్చేటప్పుడు గుమ్మం దాకా రాలేదు. బావకి, అంటే మీ మావయ్యకి, బస్టాండులో విడిగా చెప్పాను. మావాడికి వేరే చూసుకుంటాం అన్నాడు. అప్ప ఇంకా ఫోనెత్తడం లేదు. కొన్నాళ్ళు అలాగే ఉంటుంది. అది నేను పడాల్సింది, నువ్వు ఫోన్ చేసి సముదాయించకు. జాలిపడి ఒక్క మెత్తటి మాటన్నా మళ్ళీ గడువే అవుతుంది.

నీ ఫోటో, జాతకం బరంపురం చిన్నాన్నకి ఇచ్చింది కూడా నేనే, దసరాలో. నీకు చెప్పలేదు. మామయ్య గృహప్రవేశంలో తీసిన ఫోటోలో నిన్నొక్కదాన్నే కోయించి ఇచ్చాను. వాడు ముగ్గురికి పంపాడట. ఫోన్లలో వెళ్ళిపోయింది వెనక్కి రాదు. కానీ ఆ ముగ్గురికీ, పిల్లకి చూడటం లేదని కబురు పెట్టమన్నాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ అడిగాను, పెట్టానన్నాడు. తెలియని నంబరు నుంచి ఎవరైనా నీకు ఫోన్ చేస్తే ఆ నంబరు నాకు పంపు, నేను మాట్లాడతాను. జాతకం అసలు కాగితం తెచ్చేసుకున్నాను. నువ్వొచ్చినప్పుడు నీ చేతికే ఇస్తాను.

నువ్వు ఎప్పటికీ వద్దంటావా, ఎప్పుడో కావాలంటావా, నాకు తెలుసుకోవాలని లేదని రాస్తే అబద్ధమవుతుంది. రాత్రిళ్ళు ఆలోచిస్తాను. జ్వరమొస్తే దీనికి కాసిన్ని నీళ్ళెవరిస్తారు అనుకుంటాను. అమ్మ అంటుంది, దానికి జ్వరమొస్తే ఇక్కడ మనం లేమా అని.

అమ్మ చేగోడీలు, పలాస జీడిపప్పు మూట కట్టింది. పక్క వీధి రమేష్ ఆదివారం భువనేశ్వర్ వస్తున్నాడు, హాస్టల్ గేటు దగ్గర ఇస్తాడు. డబ్బా మూత గట్టిగా పెట్టు, మెత్తబడిపోతాయి. మఫ్లరు కూడా పెట్టాను, అది నాదే, పాతది, కానీ వెచ్చగా ఉంటుంది. శివరాత్రికి వీలైతే రా. ఎవర్నీ పిలవను, మనం నలుగురమే. పలాసలో దిగే ముందు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా స్టేషన్‌కి వస్తాను.

నాన్న