అమ్మేసిన కారుకు ఇంకా నా పేరు మీదే చలాన్లు

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో పాత కార్లు, స్కూటర్లు చేతులు మారుతున్న తీరు, వాటి వెంట వస్తున్న కెమెరా చలాన్ల గురించి రాస్తున్నాను. నాది హిందూపురం. పందొమ్మిదేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాను. నాకు జరిగింది మీ పాఠకుల్లో చాలామందికి రేపు జరగవచ్చు కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

2023 జూన్‌లో నా పాత మారుతి కారును సెకండ్ హ్యాండ్ బళ్లు కొని అమ్మే ఒక వ్యాపారికి ఇచ్చాను. ఆయన డబ్బు మొత్తం చేతిలో పెట్టాడు. నేను యజమాని పేరు మార్పుకు ఇచ్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేసి ఆర్సీతో పాటు ఇచ్చేశాను. కొనేవారి పేరు, తేదీ ఉండాల్సిన చోట్లు ఖాళీగా వదిలాం. "పార్టీ దొరికాక మేమే రాసుకుంటాం సార్, పేరు మార్పు కూడా మేమే చూసుకుంటాం" అన్నాడు. అందరూ అలాగే అమ్ముతున్నారు, నేనూ అలాగే అమ్మాను. తప్పు అక్కడే జరిగింది.

ఆ తర్వాత దాదాపు రెండేళ్లు నాకు ఒక్క మెసేజ్ రాలేదు. రవాణా శాఖ వాహన్ రికార్డులో ఉన్నది నేను ఎప్పుడో వదిలేసిన ఫోన్ నంబరు. అందులోని చిరునామా రామ్మూర్తినగర్‌లోని పాత అద్దె ఇల్లు. ఇల్లు మారితే 30 రోజుల్లో ఆర్సీలో చిరునామా మార్పించుకోవాలని మోటారు వాహనాల చట్టం 49వ సెక్షన్ చెబుతోంది. నేను మార్పించుకోలేదు. 2025 వేసవిలో ఆ ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసి, "సార్, మీ కారుకు ఏదో పోలీసు నోటీసు వచ్చింది, వచ్చి తీసుకెళ్లండి" అని చెప్పేదాకా ఆ కారు సంగతే నేను మరిచిపోయాను.

కారు నంబరు కొట్టి చూస్తే ఆరు చలాన్లు కనిపించాయి. నాలుగు అతివేగానివి, ఒక్కొక్కటి వెయ్యి రూపాయలు. రెండు సిగ్నల్ దాటినవి, ఒక్కొక్కటి ఐదువందలు. మొత్తం ఐదువేలు. మొదటిది 2023 నవంబరుది, అంటే నేను కారు ఇచ్చేసిన ఐదు నెలల తర్వాతది. వేగం కేసులు నాలుగూ విమానాశ్రయానికి వెళ్లే బళ్లారి రోడ్డు మీదివే. ఒకదాంట్లో ఫొటో చాలా స్పష్టంగా ఉంది. నంబరు ప్లేటు, తేదీ, సమయం, 80 పరిమితి ఉన్న చోట 97 వేగం, అన్నీ ఉన్నాయి. ఆ రోజు నేను హిందూపురంలో మా అన్నయ్య ఇంట్లో ఉన్నాను. ఫొటోలో కారు నాదే. నడిపేవాడి ముఖం మాత్రం కనిపించదు.

కెమెరా పని చేసేదే అలా. అది చదివేది నంబరు ప్లేటును. బెంగళూరు ట్రాఫిక్ పోలీసులు 2022 డిసెంబరులో 50 కూడళ్లలో పెట్టిన వ్యవస్థలో ప్లేటు చదివే కెమెరాలు 250, ఎర్ర సిగ్నల్ దాటడాన్ని పట్టేవి 80 ఉన్నాయి. వాటిలో ఏదీ డ్రైవింగ్ లైసెన్సును చూడదు. ప్లేటు మీది నంబరుతో వాహన్ రికార్డు తెరుచుకుంటుంది, అందులో ఎవరి పేరుంటే చలాన్ వాళ్లకు పోతుంది. లైసెన్సుల రికార్డు వేరే, దాని పేరు సారథి. కాబట్టి కెమెరా చలాన్ కట్టకపోతే ముందు దెబ్బ తగిలేది బండి రికార్డుకే. రోడ్డు మీద పోలీసు ఆపి పట్టుకున్నప్పుడు మాత్రం కథ వేరు. 206వ సెక్షన్ కింద ఆయన లైసెన్సు తీసుకుని, అనర్హత వేటు కోసం ఆర్టీఓకు పంపగలడు. అతివేగంలో రెండోసారి దొరికితే లైసెన్సు జప్తు చేయాలని 183వ సెక్షన్‌లోనే ఉంది. చాలామంది ఈ రెండింటినీ కలిపేసుకుని, "చలాన్ ఉంటే లైసెన్సు పోతుంది" అని భయపడతారు. లేదా "లైసెన్సుకేం కాలేదుగా" అని చలాన్‌ను వదిలేస్తారు. నా కారును నడిపినవాళ్లు ఆ రెండో రకం. వాళ్ల లైసెన్సులకు ఏమీ కాలేదు కూడా.

నేను స్టేషన్‌కు వెళ్లి అమ్మేశానని చెబితే, "ఆర్సీ మీ పేరునే ఉంది కదా సార్" అన్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు. చట్టం దృష్టిలో యజమాని అంటే రిజిస్టర్‌లో పేరున్న మనిషి. పేరు మారకుండా చేతులు మారుతూ పోయిన కారు ప్రమాదం చేస్తే, పరిహారం బాధ్యత కూడా ఆర్సీలో పేరున్నవాడిదేనని నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఐదువేల రూపాయల చలాన్లతో పోయింది, ఆ 97 వేగంతో వెళ్లిన కారు ఎవరినైనా గుద్ది ఉంటే నా పరిస్థితి ఏమిటి?

వ్యాపారి ఫోన్ ఎత్తలేదు. దుకాణానికి రెండుసార్లు తిరిగాక, కారు ఇప్పుడు ఎవరి దగ్గరుందో చెప్పాడు. యలహంక దగ్గర ఉండే కుర్రాడు, మన చిత్తూరు జిల్లా అబ్బాయి. 2024 చివర్లో కొన్నాడు. మధ్యలో ఇంకో చెయ్యి మారిందట. నా సంతకాలున్న ఫారాలు రెండూ అతని దగ్గర భద్రంగా ఉన్నాయి, ఖాళీలు ఖాళీగానే. అతను దాచలేదు. "అంకుల్, పేరు మార్పించుకుందామని వెళ్లాను. చలాన్లు కట్టి రమ్మన్నారు. ఆరింటిలో నావి రెండే. మిగతావి నేనెందుకు కట్టాలని ఆగిపోయాను" అన్నాడు.

నేను మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలనుకున్న చిక్కు ఇదే. చలాన్లు తీరేదాకా పేరు మారదు. పేరు మారేదాకా కొత్త చలాన్లన్నీ పాత యజమాని మీదే పడతాయి. నడిపేవాడికి కట్టాల్సిన తొందర లేదు, ఎందుకంటే నోటీసు తన ఇంటికి రాదు. అమ్మినవాడికి తెలియదు, తెలిసినా బండి తన చేతిలో లేదు. బాకీ వసూలు కోసం పెట్టిన ఆ అడ్డు, బండిని అసలు మనిషి పేరు మీదికి చేర్చే ఒక్క దారినీ మూసేస్తోంది.

మా ఇద్దరికీ బయటపడే దారి దొరికింది గానీ, అది న్యాయం చేసిన దారి కాదు. 2025 ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 12 వరకు పెండింగ్ చలాన్ల మీద ప్రభుత్వం సగం రాయితీ ఇచ్చింది. ఐదువేలు రెండువేల ఐదువందలైంది. అతనివి రెండూ వేగం కేసులే, వాటికి వెయ్యి అతను కట్టాడు. మిగిలిన పదిహేనువందలు నేను కట్టాను. ఎవరో చేసిన నాలుగు తప్పులకు నేను కట్టిన జరిమానా అది. కట్టడమంటే రాజీ చేసుకుని కేసు మూసేయడం. ఆ తర్వాత బండి నడిపింది నేను కాదని వాదించడానికి ఏమీ మిగలదు. రాయితీ వల్ల బాకీలు తగ్గాయని లెక్క చెప్పుకోవచ్చు గానీ, ఎవరు నడిపారన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. చలాన్లు తీరాక ఫారాలు మళ్లీ నింపి, ఇద్దరం వెళ్లి దరఖాస్తు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆర్సీ అతని పేరున ఉంది.

చట్టంలో దారి లేదా అంటే సగం ఉంది. 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో బండి అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. అమ్మినవాడు తెలిపేది ఫారం 29తో. అంటే నేను ఆ ఫారాన్ని వ్యాపారి చేతిలో పెట్టకుండా, కొన్నవారి పేరూ తేదీ నింపి, ఒక ప్రతిని ఆర్టీఓలో ఇచ్చి రసీదు తీసుకుని ఉండాల్సింది. వ్యాపారుల కోసం 2023 ఏప్రిల్ 1 నుంచి మరో పద్ధతి వచ్చింది. అనుమతి పత్రం ఉన్న వ్యాపారికి బండి అప్పగించినప్పుడు ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలిపితే, ఆనాటి నుంచి ఆ వ్యాపారినే యజమానిగా భావిస్తారు. నేను అమ్మింది ఈ నిబంధన వచ్చిన రెండు నెలల తర్వాత. నా వ్యాపారికి ఆ అనుమతి లేదు, అలాంటిది ఉందని నాకూ తెలియదు.

అనుమతి ఉన్న వ్యాపారికి ఇచ్చిన ఆ సౌకర్యాన్నే మామూలు మనిషికీ ఇవ్వమని నా విన్నపం. బండి మీద చలాన్లు పెండింగ్‌లో ఉన్నా సరే, అమ్మినవాడి ఫారం 29ను ఆర్టీఓ తీసుకోవాలి. ఫలానా తేదీన ఫలానా వ్యక్తికి అప్పగించారని వాహన్‌లో నమోదు చేయాలి. పేరు మార్పును బాకీ తీరేదాకా ఆపుకోనివ్వండి, కానీ ఆ తేదీ తర్వాతి చలాన్లు కొన్నవాడి చిరునామాకు, ఫోన్‌కు పోవాలి. దీన్ని అడ్డం పెట్టుకుని జరిమానా తప్పించుకోవడానికి బండి అమ్మేశామని అబద్ధం చెప్పేవాళ్లు ఉంటారని అధికారులు అనవచ్చు. కొన్నవాడి ఆధార్‌కు ఓటీపీ పంపి, అతను ఒప్పుకున్నాకే నమోదు చేస్తే ఆ భయం ఉండదు. 133వ సెక్షన్ ఎలాగూ నడిపింది ఎవరో చెప్పమని యజమానిని అడుగుతోంది. చెప్పడానికి సిద్ధంగా ఉన్నవాడి మాట రాసుకునే చోటు ఒకటి ఉండాలి కదా.

ఇంకొక్క మాట. కెమెరా కేసుల కోసం 2021లో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేర్చిన 167ఏ ప్రకారం నోటీసు 15 రోజుల్లో పంపాలి. చలాన్‌తో పాటు ప్లేటు కనిపించే ఫొటో, యంత్రం కొలిచిన వేగం, చోటు, సమయం ఉండాలి. నా ఆరు చలాన్లలో ఐదింటికి పోస్టులో ఏమీ రాలేదని ఓనరమ్మ చెప్పింది. పాత నంబరుకు మెసేజ్ పంపి ఊరుకుని ఉంటారు. మొదటి నోటీసు 2023 నవంబరులోనే ఆ ఇంటికి చేరి ఉంటే, ఆవిడ అప్పుడే ఫోన్ చేసేది. మిగతా ఐదు చలాన్లు పడకముందే నేను ఆ వ్యాపారి దుకాణం ముందు నిలబడేవాణ్ణి.

వచ్చే నెల మా బావమరిది తన స్కూటర్ అమ్ముతున్నాడు. కొనేవారి పేరు, అప్పగించిన తేదీ, గంట నింపకుండా సంతకం చేయొద్దని చెప్పాను. ఫారం 29 ప్రతిని తీసుకుని ఇద్దరం కలిసి ఆర్టీఓకు వెళ్తాం. కౌంటర్‌లో దాన్ని తీసుకుని రసీదు ఇస్తారా, లేక ముందు చలాన్లు కట్టి రమ్మంటారా అన్న ప్రశ్నకు రవాణా శాఖ జవాబిస్తే, దాన్ని దయచేసి మీ పత్రికలో ప్రచురించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హొరమావు, బెంగళూరు