శాలరీ సర్టిఫికెట్‌లో ఏం రాయాలి, ఏం రాయకూడదు

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావురా? నువ్వు భీమవరంలో ఫ్లాట్‌కి అడ్వాన్సు ఇచ్చావని చెప్పిన దగ్గర్నుంచి మా ఆవిడ గృహప్రవేశానికి ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచిస్తోంది. ముందు వాడికి లోన్ రానీవే అంటే వింటుందా! అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్ చూడటం మంచి పనిరా.

సరే, అసలు సంగతికొస్తాను. బ్యాంకు వాళ్లు శాలరీ సర్టిఫికెట్ అడిగారనీ, మీ ఓనరుగారు "నువ్వే రాసుకు రావయ్యా, సంతకం పెడతాను" అన్నారనీ రాశావు. పైగా ఆయనే నోటితో చెప్పిన నాలుగు వాక్యాలు కూడా పంపావు. వాటి సంగతి తర్వాత చెప్తాను, నవ్వు ఆపుకుని రాయాలి.

ముందు నిన్నే ఎందుకు అడిగారో తెలుసుకో. మా ఆఫీసులో లోన్‌కి వెళ్లేవాళ్లు మూడు నెలల పే స్లిప్పులు, రెండేళ్ల ఫారం 16 ఇస్తే చాలాసార్లు పనైపోతుంది. నీకు ఫారం 16 లేదు. జీతంలో టీడీఎస్ కోయనప్పుడు అది ఇచ్చి తీరాలన్న రూలు యజమానికి లేదు. మీ దగ్గర పే స్లిప్పులూ లేవు, రిజిస్టర్‌లో సంతకమేనాయె. కాబట్టి ఆ రెండు కాగితాలూ చేయాల్సిన పని ఈ ఒక్క కాగితం చేయాలి. బ్యాంకులో దీన్ని చూసేవాడు పక్కన నీ ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్, పాన్ కార్డు పెట్టుకుని కూర్చుంటాడు. అంకె అంకెకీ సరిపోతే ఫైలు ముందుకెళ్తుంది, లేకపోతే నీకు ఫోను వస్తుంది.

ఇప్పుడు నీ జీతమే తీసుకుందాం. బేసిక్ 22,000, హెచ్‌ఆర్‌ఏ 8,800, కన్వేయన్స్ 3,000, స్పెషల్ అలవెన్స్ 7,200. మొత్తం గ్రాస్ 41,000. ఇందులోంచి పీఎఫ్ 1,800 పోతుంది, మీ ఓనరు 15,000 పరిమితి మీదే 12 శాతం కడుతున్నాడు కాబట్టి. వృత్తి పన్ను 200. చేతికి 39,000 రావాలి. కానీ నీ ఖాతాలో పడుతున్నది 36,000. ఎందుకంటే చెల్లెలి పెళ్లికి కంపెనీలో తీసుకున్న అడ్వాన్సుకి నెలకి 3,000 కోస్తున్నారు. ఇంకా 24,000 మిగిలింది, అంటే ఎనిమిది వాయిదాలు.

ఇక్కడే చాలామంది తెలివి చూపిస్తారు. అడ్వాన్సు సంగతి ఎందుకులే అని ఆ లైను తీసేసి, నికర జీతం 39,000 అని రాయిస్తారు. స్టేట్‌మెంట్‌లో నెలనెలా 36,000 కనిపిస్తుంటే ఆ మూడు వేలు ఏమయ్యాయని అడగడానికి బ్యాంకువాడికి క్షణం పట్టదు. నువ్వు నోటితో జవాబు చెప్తే కుదరదు, మళ్లీ ఓనరు దగ్గర్నుంచి కొత్త లెటర్ తెమ్మంటాడు. అంతకన్నా ఇబ్బంది, ఒక అంకె దాచారని తెలిశాక మిగతా అంకెల్ని కూడా అనుమానంతోనే చూస్తాడు. అందుకని కోతల్లో మూడో లైనుగా "జీతం అడ్వాన్సు రికవరీ 3,000, మిగిలిన బాకీ 24,000" అని పెట్టేయ్. చట్టప్రకారం పోయే కోత వేరు, నువ్వు తీసుకున్న అప్పు వేరు అని చూసేవాడికి తెలియాలి. వాయిదాలు అయిపోగానే చేతికొచ్చేది 39,000 అవుతుందని కూడా వాడికే అర్థమవుతుంది.

అయితే ఈ లైను ఖరీదు ఎంతో కూడా చూసుకో. బ్యాంకు బట్టి లెక్క మారుతుంది గానీ, చేతికొచ్చే జీతంలో సగం దాకా ఈఎంఐలకి పోవచ్చని అనుకుందాం. 39,000లో సగం 19,500. అందులో నీ అడ్వాన్సు వాయిదా 3,000 తీసేస్తే 16,500. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్లకైతే లక్షకి ఈఎంఐ సుమారు 868. అంటే అడ్వాన్సు ఉండగా దాదాపు 19 లక్షలు, లేకపోతే 22 లక్షల పైచిలుకు. 24,000 బాకీ వల్ల మూడు లక్షల పైన అర్హత తగ్గుతోంది! వాయిదాలు కొన్నే మిగిలాయని కొన్ని బ్యాంకులు పట్టించుకోకపోవచ్చు కూడా, ముందు ఆ మాట అడుగు. పట్టించుకుంటామంటే, నీకు కావలసింది 18 లక్షలే అయితే ఆ బాకీని కదపకు, ఇంటికి నీ వంతుగా పెట్టాల్సిన మార్జిన్ డబ్బు చేతిలో ఉంచుకో. 21, 22 కావాలంటే మాత్రం ఆ 24,000 ఇప్పుడే కట్టేసి, ఒకటి రెండు నెలలు ఖాతాలో పూర్తి 39,000 పడ్డాక సర్టిఫికెట్ తీసుకో. నేనైతే రెండోదే చేస్తాను, రిజిస్ట్రేషన్ గడువు ఒప్పుకుంటే.

సంక్రాంతి బోనస్‌ని పన్నెండుతో భాగించి నెల జీతంలో కలపాలా అని అడిగావు. వద్దురా. అది నెలనెలా రాదు కాబట్టి కింద వేరే వాక్యంగా, పోయిన ఆర్థిక సంవత్సరంలో బోనస్ ఇంత చెల్లించామని రాయించు. కలుపుకోవాలో వద్దో వాళ్లిష్టం. ఆదివారాలు వచ్చినందుకు చేతికిచ్చే బత్తా మాట అసలు ఎత్తకు, ఖాతాలో పడని డబ్బుకి రుజువు లేదు. ఓనరు కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ కలిపిన సీటీసీ అంకె కూడా వద్దు, అది నీ చేతికొచ్చే డబ్బు కాదు.

ఇక మీ ఓనరుగారి వాక్యాలు. "ఇతడు నిజాయితీపరుడు, మాకు కుడిభుజం వంటివాడు, రిటైరయ్యే వరకు మా వద్దనే పనిచేయును, కావున లోను మంజూరు చేయగోరుచున్నాము." పెళ్లి సంబంధానికైతే భలే ఉంటుంది! ఆయన అభిమానానికి దణ్ణం పెట్టు గానీ ఈ కాగితంలో అది పనికిరాదు. నిజాయితీ సంగతికి బ్యాంకు వాళ్లకి సిబిల్ రిపోర్టు ఉంది. "రిటైరయ్యే వరకు పనిచేయును" అన్నది ఆయన చేతిలోనూ లేదు, నీ చేతిలోనూ లేదు. "మంజూరు చేయగోరుచున్నాము" అంటే సిఫారసు. రేపు నువ్వు కట్టకపోతే ఆ సంతకం పెట్టినవాడే ముందు గుర్తొస్తాడు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు రాయడం వరకే ఆయన పని.

నేనైతే ఇలా రాస్తాను. నువ్వు ఇంగ్లీషులో టైపు చేసుకో, వరస మాత్రం మార్చకు:

"శ్రీ ఫలానా, తండ్రి శ్రీ ఫలానా, ఉద్యోగి నంబరు ఫలానా, మా సంస్థలో ఫలానా తేదీ నుంచి భీమవరం కార్యాలయంలో అకౌంట్స్ అసిస్టెంట్‌గా, పూర్తికాలపు శాశ్వత ఉద్యోగిగా పనిచేస్తున్నారు. మా రికార్డుల ప్రకారం ఫలానా నెలకు ఆయన జీతం, కోతల వివరాలు కింద ఇచ్చాము. జీతాన్ని ప్రతి నెలా ఆయన బ్యాంకు ఖాతాలో జమ చేస్తున్నాము. ఉద్యోగి కోరిక మేరకు, గృహరుణ దరఖాస్తుతో సమర్పించేందుకు ఈ సర్టిఫికెట్ ఇస్తున్నాము. ఇది రుణానికి హామీ కాదు. రుణం చెల్లింపుకు సంస్థ బాధ్యత వహించదు."

దీని కింద రెండు గడుల పట్టిక, ఎడమ పక్క జీతం భాగాలు, కుడి పక్క కోతలు, చివర నికర జీతం అంకెల్లోనూ అక్షరాల్లోనూ. పై భాగంలో బ్యాంకు, బ్రాంచి మేనేజరు పేరిట అడ్రసు, తేదీ. తేదీ మర్చిపోవద్దు. పాతదైపోతే కొత్తది తెమ్మంటారు, కాబట్టి మిగతా కాగితాలన్నీ సిద్ధం చేసుకుని చివర్లో ఇది తీసుకో.

చివరి రెండు వాక్యాలు చూసి ఓనరుగారికి ధైర్యం వస్తుంది. కానీ ఆ ధైర్యంతో "పై వివరాలకు కూడా సంస్థ బాధ్యత వహించదు" అని ఇంకో ముక్క తగిలించనీయకు. మా ఆఫీసుకొచ్చిన ఒక కుర్రాడి పాత కంపెనీ లెటర్‌లో అలాగే రాశారు. అంకెలకే పూచీ లేదంటే ఇక ఆ కాగితం దేనికి? నీ అప్పుకి ఆయన పూచీ పడక్కర్లేదు, తన రిజిస్టర్‌లో ఉన్న అంకెలకి మాత్రం పడాలి. తేడా ఆయనకి నెమ్మదిగా చెప్పు.

ఇంకోటి. జీతంలోంచి ఈఎంఐ కోసి నేరుగా బ్యాంకుకి పంపుతామని యజమాని రాసిచ్చే పత్రం వేరే ఉంటుంది, కొన్ని బ్యాంకులు అడుగుతాయి. అడిగితే అది విడిగా, ఆయన చదువుకుని ఇష్టమైతే సంతకం పెట్టాలి. ఆ మాటని దీంట్లో ఇరికించవద్దు.

నీ పేరు విషయం జాగ్రత్త. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, జీతం రిజిస్టర్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంటే మన తెలుగువాళ్లందరికీ వచ్చే తంటాయే నీకూ వస్తుంది. సర్టిఫికెట్‌లో పాన్‌లో ఉన్నట్టే రాయించు. రిజిస్టర్‌లోదీ అదే మనిషని ఒక ముక్క కలిపితే ఇంకా మంచిది.

సంతకం ఓనరుగారిదే ఉండాలి. జీతాల రిజిస్టర్ రాసేది నువ్వే అయినా నీ కాగితం మీద నువ్వు సంతకం చేసుకోకూడదు కదా! లెటర్‌హెడ్ మీద, స్టాంపు వేసి, కింద ఆయన పేరు, హోదా, ఫోన్ నంబరు ఉండాలి. ఆ నంబరుకి బ్యాంకు వాళ్లు ఫోన్ చేస్తారు, లేదా మనిషిని పంపుతారు. "సూరి మీ దగ్గర ఎప్పటి నుంచి చేస్తున్నాడు, జీతమెంత?" అంటే ఆయన చెరువుగట్టు మీద నుంచి "ఓ నలభై దాకా ఇస్తున్నామండీ" అనేస్తే తిప్పలు. ఒక కాపీ ఆయన టేబుల్ అద్దం కింద పెట్టి, అదే చూసి చెప్పమను.

డ్రాఫ్ట్ టైపు చేశాక ఫోటో తీసి పంపు, ఆయన సంతకం కాకముందే చూస్తాను. ఖాతా నంబరు, పాన్ నంబరు చెరిపేసి పంపు సుమా, మన గ్రూపులో పెట్టకు, అక్కడ శీను గాడు నీ జీతం ఊరంతా చెప్తాడు. అమ్మకి నమస్కారాలు, పిల్లలకి దీవెనలు.

నీ
రాఘవ